పోటీ తర్వాతి ఆకలికి మళ్ళీ కటింగ్ మందు కాదు

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు, ఎత్తు 173 సెంటీమీటర్లు. బెంగళూరు మారతహళ్ళిలో ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటాం. మెన్స్ ఫిజిక్ అనే బాడీబిల్డింగ్ పోటీ కోసం 18 వారాలు కటింగ్ చేసి 79 కిలోల నుంచి 65కి దిగాను. మందులేవీ వాడలేదు. పోటీ అయి 23 రోజులైంది, ఇప్పుడు 73.5 ఉన్నాను. పగలంతా ప్లాన్ ప్రకారం 1600 క్యాలరీలే తింటాను. వారంలో మూడు రాత్రులు మాత్రం చెయ్యి ఆగదు. మొన్న శనివారం పన్నెండున్నరకి భోంచేసి, జిమ్ అయ్యాక వే ప్రొటీన్ తాగి ఊరుకున్నా. రాత్రి పదింపావుకి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ, బేకరీ హనీ కేకులు నాలుగు, సగం డబ్బా పీనట్ బటర్ లాగించేశా. ఆదివారం పస్తుండి గంటన్నర ట్రెడ్‌మిల్ చేశా. కాళ్ళు వాస్తున్నాయి. కోచ్ వారానికి 50 క్యాలరీల చొప్పున పెంచమంటున్నాడు. మళ్ళీ కటింగ్‌లోకి దిగితే ఇది ఆగుతుందా? వచ్చే నెల పండక్కి నంద్యాల వెళ్ళాలంటేనే భయంగా ఉంది.

జవాబు: దిగకండి. ఈ రాత్రులకు కారణమే ఆ కటింగ్ ఇంకా పూర్తిగా ఆగకపోవడం. స్టేజ్ దిగి 23 రోజులైనా పగటిపూట మీ ఒంటికి పోటీ ముగిసిన సంగతి తెలియడం లేదు, రాత్రి అయ్యేసరికి అది తన బాకీ వసూలు చేసుకుంటోంది. ముందు ఆ 8.5 కిలోల లెక్క చూద్దాం. మీ భయంలో సగం అక్కడే ఉంది.

పోటీ రోజు తూకం మీ అసలు బరువు కాదు. ఆ వారం నీళ్ళు, ఉప్పు అటూ ఇటూ చేసి, పేగుల్లో ఆహారం దాదాపు లేకుండా, ఒంట్లో నీరు బాగా తగ్గినప్పుడు తీసిన అంకె అది. కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. నిలవలు నిండితేనే కిలోన్నర నుంచి రెండు కిలోలు పెరుగుతాయి. పేగుల్లో మామూలుగా ఉండే ఆహారం తిరిగి చేరితే ఇంకో కిలో, కిలోంబావు. ఇక ఉప్పు పట్టి ఉంచే నీరు ఉంది. మీ కాళ్ళ వాపే చెబుతోంది, అది రెండు కిలోలకు తక్కువ ఉండదు. ఇవన్నీ తీసేస్తే మహా అయితే మూడు నాలుగు కిలోలు మిగులుతాయి. కొత్తగా చేరిన కొవ్వు, కొద్దిపాటి కండ అంతే.

ఇంకో వైపు నుంచి చూసినా అదంతా కొవ్వు కాదనే తేలుతుంది. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7700 క్యాలరీలు తినాలి. ఎనిమిదిన్నర కిలోలూ కొవ్వే అయితే 65 వేల క్యాలరీలు, అంటే రోజూ ఖర్చు మీద ఇంకో 2800 తినాలి. అంత మీరు తినలేదు. అద్దంలో పొట్ట మీద గీతలు మాసిపోవడానికి నీరు ఒక్కటే చాలు, కాబట్టి అద్దాన్ని చూసి కొవ్వును అంచనా వేయకండి.

మరి ఎంత తిన్నారు? నాలుగు రోజులు 1600 చొప్పున 6400. మిగతా మూడు రోజులకు పగలూ రాత్రీ కలిపి తక్కువలో తక్కువ 5000 వేసుకుందాం. మీరు చెప్పిన శనివారం అంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది. మొత్తం 21,400, రోజుకు సగటున 3050. మీ ఎత్తుకు, మీ కండకు, డైట్ తర్వాత మందగించిన ఖర్చుకు ఇప్పటి మెయింటెనెన్స్, అంటే బరువు పెరగకుండా తగ్గకుండా ఉంచే క్యాలరీలు, 2300 దరిదాపుల్లో ఉంటుంది. అంటే 1600 తింటున్నానని నమ్ముతూ మీరు తింటున్నది 3050. అదే రోజూ 2450 తిని, రాత్రుళ్ళు ప్రశాంతంగా పడుకుంటే వారానికి 4000 క్యాలరీలకు పైగా తక్కువ పడుతుంది. ఎక్కువ తినండి అన్న సలహా వింతగా తోస్తుంది కాబట్టే ఈ లెక్క ముందు పెట్టాను.

కోచ్ చెప్పిన వారానికి 50 పద్ధతిని జిమ్‌లలో రివర్స్ డైటింగ్ అంటారు. మెల్లగా పెంచితే మెటబాలిజం దానంతట అదే పెరుగుతుందనీ, కొవ్వు చేరదనీ దాని వెనక నమ్మకం. ఆ నమ్మకానికి గట్టి ఆధారం లేదు. 1600 నుంచి 2300 చేరడానికి ఆ లెక్కన 14 వారాలు కావాలి, అన్ని వారాలూ లోటులోనే గడపాలి. పోటీకి ముందు ఆ లోటును భరించడానికి ఒక తేదీ ఉండేది, స్టేజ్ ఉండేది. ఇప్పుడవి లేవు, ఆకలి మాత్రం అలాగే ఉంది. కోచ్ మీద కోపం అక్కర్లేదు, చాలామందికి నేర్పేది ఇదే. అయితే రాత్రుళ్ళు ఇలా తినేస్తున్న మనిషికి ఈ పద్ధతి పనికిరాదని ఆయనకు నేరుగా చెప్పండి. ఆ మూడు రాత్రుల సంగతి ఆయనకు తెలియదేమోనని నా అనుమానం. దాచకండి.

ఈ ఆకలి ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే దాన్ని మీ గుణం కింద జమ కట్టడం మానేస్తారు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదులుతాయి, ఒంట్లో నిలవలు ఎంత ఉన్నాయో మెదడుకు తెలిసేది దాంతోనే. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది. రోజూ తినేది తగ్గినా పడిపోతుంది, మీకు రెండూ జరిగాయి. జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఇంకోవైపు పెరుగుతుంది. ఇవి ఒక్క చీట్ మీల్‌తో సర్దుకోవు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలపాటు అర్ధాకలితో ఉంచి చూశారు. ఆంక్షలు ఎత్తేశాక కొందరు కడుపు పట్టనంత తిన్నారు, అయినా ఇంకా ఆకలే అన్నారు. ఆ తిండి యావ వారాల తరబడి ఉంది. వాళ్ళలో ఎవరికీ అంతకు ముందు అలాంటి అలవాటు లేదు. కొవ్వు ముందుగా తిరిగొచ్చింది, కండ నిదానంగా వచ్చింది. ఆ కండ కూడా పూడేదాకా ఆకలి తగ్గలేదని తర్వాత అదే సమాచారాన్ని మళ్ళీ విశ్లేషించినవాళ్ళు చూపించారు. మీ విషయానికొస్తే, కొంత కొవ్వు తిరిగి చేరకుండా ఈ ఆకలి శాంతించదు. అది మీరు చెప్పినట్టు చేరాలా, రాత్రి పదింపావుకి చేరాలా అన్నదే మీ చేతిలో ఉంది.

ఇప్పుడు మీ శనివారాన్ని దగ్గరగా చూద్దాం. పన్నెండున్నర భోజనానికీ పదింపావు బిర్యానీకీ మధ్య దాదాపు పది గంటలు. మధ్యలో ఒక జిమ్ సెషన్, ఒక గ్లాసు వే, అంటే 120 క్యాలరీలు. ఆ పది గంటలు గడిచాక బిర్యానీ తెప్పించడానికి ప్రత్యేకంగా బలహీనత ఏమీ అక్కర్లేదు. ఆ మర్నాడు పస్తు, గంటన్నర ట్రెడ్‌మిల్. మీకది ప్రాయశ్చిత్తంలా అనిపించి ఉంటుంది, నిజానికి తర్వాతి రాత్రికి పునాది అదే. ఈ గొలుసులో విరగ్గొట్టడానికి అన్నిటికన్నా తేలికైన లింకు కూడా అదే. రాత్రి పదింటికి మనసును బిగబట్టుకోవడం కష్టం, పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ తినడం అంత కష్టం కాదు.

కాబట్టి మొదటి మార్పు: రాత్రి ఏం జరిగినా, ఎంత తిన్నా, మర్నాడు ఎనిమిదింటికి టిఫిన్. పొట్ట ఇంకా బరువుగా ఉంటే నాలుగు ఇడ్లీల బదులు రెండు తినండి, ఒక గుడ్డు తినండి. సున్నా మాత్రం కాకూడదు. ఆ రోజు అదనంగా కార్డియో లేదు. మూడు రోజులు తూకం యంత్రం ఎక్కొద్దు, ఎందుకంటే ఆ మూడు రోజులూ అది బిర్యానీలోని ఉప్పునే చూపిస్తుంది.

రెండోది గడియారం. మెలకువగా ఉన్నంతసేపు రెండు తిండ్ల మధ్య నాలుగు గంటలు దాటకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా వేళకు తినాలి. మీ ఆకలి సూచి ఇప్పుడు నమ్మదగినది కాదు. పగలు పనిలో పడితే తెలియదు, రాత్రి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. తిండి అదుపు తప్పే జబ్బులకు చేసే మానసిక చికిత్సలో మొట్టమొదట నిలబెట్టేది కూడా ఈ వేళలనే. ఏం తినాలన్నది ఆ తర్వాతి మాట.

మీ రోజు ఇలా ఉండొచ్చు. ఎనిమిదింటికి నాలుగు ఇడ్లీలు, ఒక గిన్నె సాంబారు, మూడు ఉడికించిన గుడ్లు. కింద దర్శిని హోటల్లో తెచ్చుకున్నా సరే. అక్కడి తట్టె ఇడ్లీ అయితే రెండు చాలు, అది మామూలు ఇడ్లీకి రెట్టింపు ఉంటుంది. పదకొండింటికి ఆఫీసులో ఒక అరటిపండు, ఒక స్కూపు వే. ఒంటిగంటన్నరకి వండిన అన్నం 200 గ్రాములు, ఒక గిన్నె పప్పు, కూర, వండిన చికెన్ 100 గ్రాములు, ఒక కప్పు పెరుగు. ఆంధ్రా మెస్‌లో తింటే అన్నం రెండు గరిటెలు వడ్డించుకుని, ముద్దపప్పులోకి నెయ్యి ఒక చెంచా వేసుకోండి, మానకండి. ఐదింటికి, జిమ్‌కి ముందు, ఉడికించిన శనగల గుగ్గిళ్ళు ఒక కప్పు, టీ. మీ శనివారంలో లేనిది ఈ ఐదింటి తిండే, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఎనిమిదిన్నరకి రెండు చపాతీలు, చికెన్ కూర లేదా పనీర్, కూరగాయలు. పదింటికి ఒక గ్లాసు పాలు, అది కూడా ప్లాన్‌లో భాగమే. మొత్తం 2400, 2500 మధ్య వస్తుంది. ప్రొటీన్ 130 గ్రాములకు తగ్గదు. ఇడ్లీ బదులు దోసె, చపాతీ బదులు రాగి ముద్ద అయినా ఇబ్బంది లేదు. కటింగ్‌లో వాడిన కిచెన్ త్రాసును మొదటి వారం అన్నం అలవాటు అయ్యేదాకా వాడి, ఆ తర్వాత అటకెక్కించండి. రోజూ ప్రతి మెతుకూ తూచుకుంటూ ఉంటే మెదడు పోటీ వాతావరణంలోంచి బయటికి రాదు.

మొదటి వారం పది రోజులు ఇంత తిన్నా రాత్రి కోరిక వస్తుంది. వెంటనే పోదు, ముందే చెబుతున్నాను. వచ్చినప్పుడు మొదట ఆ పదింటి పాలు తాగారా లేదా చూసుకోండి. తాగాక ఇరవై నిమిషాలు ఆగండి, ఆగేది మాత్రం గదిలో కాదు. ఫోన్ లోపల పెట్టి కిందికి దిగి వీధి చివరిదాకా నడిచి రండి, లేదా హాల్లో మిత్రుల దగ్గర కూర్చోండి. కోరిక అలలాంటిది, పైకి లేచి కొంతసేపటికి విరుగుతుంది. ఇరవై నిమిషాల తర్వాత కూడా నిజంగా కడుపులో ఆకలి ఉంటే పెరుగన్నం కలుపుకుని, కంచంలో పెట్టుకుని, కూర్చుని తినండి. అది తప్పు కాదు, ఆ రోజు పగలు తక్కువ తిన్నారని అర్థం. మర్నాడు ఐదింటి తిండిని కొంచెం పెంచండి. కడుపు ఆకలికి పెరుగన్నం సరిపోతుంది. పెరుగన్నం వద్దు, ఆ హనీ కేకే కావాలి అని మనసు పట్టుబడితే అది వేరే సంగతి, దానికి మందు వేరు.

ఆ మందు నిషేధం ఎత్తేయడం. 18 వారాలు బిర్యానీ, కేకు, పీనట్ బటర్ పాపాల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్నంతకాలం ఒక ముద్ద తినగానే "ఎలాగూ చెడిపోయింది, ఇవాళ్టికి తినేద్దాం" అనే ఆలోచన వస్తుంది. నాలుగు కేకులు తినిపించేది ఆ ఆలోచనే. వారానికి రెండుసార్లు వాటిని పగటిపూట, ఎవరితోనైనా కలిసి, ముందే అనుకుని తినండి. ఆదివారం మధ్యాహ్నం మిత్రులతో సింగిల్ బిర్యానీ. బుధవారం సాయంత్రం బేకరీలోనే నిలబడి ఒక హనీ కేకు, పార్సిల్ వద్దు. పీనట్ బటర్ డబ్బా మాత్రం నాలుగు వారాలు ఇంట్లో వద్దు. చెంచాతో డబ్బాలోంచే తినే వస్తువుకు ఆపడానికి ఒక హద్దంటూ ఉండదు. వేరుశనగలు తినాలనిపిస్తే బేకరీలో అమ్మే కాంగ్రెస్ కడ్లెకాయి చిన్న ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి, అది అయిపోతే అయిపోయినట్టే. తిండి తెప్పించే యాప్‌లో దాచి ఉంచిన కార్డు వివరాలు తీసేయండి. పదింపావుకి ఆ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే మధ్యలో ఆలోచించడానికి ఒక నిమిషం దొరుకుతుంది.

రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాయండి: ఎన్నింటికి తిన్నాను, దానికి ముందు ఎన్నింటికి తిన్నాను, ఎక్కడ ఉన్నాను, అప్పుడు ఒంటరిగా ఉన్నానా. క్యాలరీలు రాయొద్దు. చెడు రాత్రుల ముందు వరుసగా ఐదు గంటలకు మించిన ఖాళీలు కనిపిస్తే మీది ఇంకా ఆకలి సమస్యే, తిండి వేళలు సరిచేయాలి. వేళకు తిన్న రోజుల్లో కూడా అదుపు తప్పుతుంటే, అదీ ఒంటరిగా ఉన్నప్పుడో, ఆఫీసులో మాట పడ్డప్పుడో అయితే, ఇక తిండి ప్లాన్‌తో సర్దుకునే దశ దాటింది. అప్పుడు వైద్య సహాయం కావాలి.

కాళ్ళ వాపు సంగతి. పోటీ వారంలో నీళ్ళు, ఉప్పు తగ్గించినప్పుడు ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరోన్ హార్మోన్ పెరిగింది. ఆ తర్వాత ఒక్కసారిగా ఉప్పూ పిండిపదార్థాలూ వచ్చి పడ్డాయి. ఇన్సులిన్ పెరిగితే మూత్రపిండాలు ఉప్పును బయటికి వదలడం తగ్గిస్తాయి, ఉప్పు ఆగిన చోట నీరు ఆగుతుంది. మీకు వారానికి మూడుసార్లు పస్తు, విందు మారిమారి వస్తున్నాయి కాబట్టి ఇది సర్దుకునే వీలే దొరకడం లేదు. ముంజేతి ఎముకలా గట్టిగా తగిలే కాలి ముందు ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి చూడండి. గుంట పడి నెమ్మదిగా పూడితే అది నీరే. తిండి నిలకడగా ఉంటే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. దాహానికి తగ్గట్టు నీళ్ళు తాగండి, ఇంటి వంటలోని మామూలు ఉప్పు మానకండి, సాయంత్రం పావుగంట కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోండి. నీరు పోయే మాత్రలు మాత్రం ఎవరిచ్చినా వేసుకోవద్దు. అవి ఆపగానే వాపు మళ్ళీ వస్తుంది, పైగా పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, గుండె దడ వచ్చినా, పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బి మూత్రం నురగగా వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. వాపు రెండు కాళ్ళకే ఉండి, మూడు వారాల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి.

వ్యాయామం: కార్డియో రోజూ చేస్తుంటే ఈ వారమే వారానికి మూడు రోజులకు, ఒక్కోసారి అరగంటకు తగ్గించండి. బరువులు నాలుగు రోజులు చాలు. మొదటి రెండు వారాలు సెట్లు మూడో వంతు తగ్గించండి. తిండిలో పెరిగిన పిండిపదార్థం కండకు చేరాలంటే బరువులు ఎత్తడం అవసరం, కాబట్టి పూర్తిగా మానకండి.

బరువు వారానికి మూడుసార్లు, పొద్దున్నే పరగడుపున చూసి సగటు తీయండి. మొదటి రెండు మూడు వారాల్లో నీరు తగ్గి 71, 72 దగ్గరికి రావచ్చు. క్యాలరీలు పెంచాక బరువు తగ్గడం చూసి చాలామంది తికమక పడి మళ్ళీ తిండి తగ్గిస్తారు, ఆ పని చేయకండి. అక్కడి నుంచి రెండు మూడు నెలల్లో 74 దగ్గర స్థిరపడితే మీ ఎత్తుకు అది మంచి చోటు. స్టేజ్ మీది గీతలు ఉండవు, ఆరోగ్యంగా కనిపించే నడుము ఉంటుంది. మీరు మొదలుపెట్టిన 79కి అది ఐదు కిలోలు తక్కువే. సగటు వరుసగా మూడు వారాలు వారానికి అర కిలోకు మించి పెరుగుతుంటే మధ్యాహ్నం అన్నం 50 గ్రాములు తగ్గించండి, అంతకు మించి ముట్టుకోకండి. ఆరు నెలల లోపు ఇంకో పోటీ పేరు ఎత్తొద్దు.

నీరసం, కోరికలు చచ్చిపోవడం, చలి ఎక్కువ అనిపించడం ఉంటే కంగారుపడకండి. మందులు వాడకుండా తయారైన ఒక బాడీబిల్డర్‌ను ఏడాదిపాటు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో టెస్టోస్టిరాన్ పోటీ నాటికి మిల్లీలీటరు రక్తానికి 9.22 నానోగ్రాముల నుంచి 2.27కి పడిపోయింది, పోటీ తర్వాతి నెలల్లో తిరిగి మొదటి స్థాయికి వచ్చింది. ఇప్పుడే రక్తపరీక్ష చేయిస్తే తక్కువ అంకె కనిపిస్తుంది, ఆ కాగితం చూసి ఎవరో థైరాయిడ్ మాత్రో, టెస్టోస్టిరాన్ ఇంజెక్షనో మొదలుపెడితే మీ ఒళ్ళు తనంతట తాను కోలుకునే పని ఆగిపోతుంది. కడుపు నిండా తిన్న మూడు నెలల తర్వాత కూడా పొద్దుటి అంగస్తంభన లేకపోతే, అప్పుడు ఉదయం పదింటిలోపు పరగడుపున టెస్టోస్టిరాన్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చేయించి ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి. ఇది చదివే వాళ్ళలో స్టెరాయిడ్లో, క్లెన్‌బుటెరాల్‌లో వాడినవాళ్ళుంటే మూడు నెలలు ఆగకండి, వాడినవాటి పేర్లన్నీ దాచకుండా ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. పోటీ చేసిన అమ్మాయిలకు మూడు నెలలు నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవడం తప్పనిసరి.

రెండు గంటల్లోపు మామూలు మనిషి తినలేనంత తినడం, మధ్యలో ఆపలేకపోవడం, ఇది వారానికి ఒకసారైనా మూడు నెలలు కొనసాగడం, దీన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్‌గా గుర్తిస్తారు. మీరు ఇంకా నెల దాటలేదు, వేళకు తినడంతోనే తగ్గే అవకాశం చాలా ఉంది. కానీ మూడు నెలలు నిండేదాకా వేచి ఉండాలని అర్థం కాదు. నాలుగు వారాలు పైన చెప్పినట్టు తిన్నా రాత్రులు తగ్గకపోతే, లేదా తిన్నది కక్కుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం, గంటల కొద్దీ కార్డియోతో దింపుకోవడం మొదలైతే, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే, వెంటనే మానసిక వైద్యుడిని కలవాలి. ఆదివారం మీరు చేసిన గంటన్నర ట్రెడ్‌మిల్ ఆ దారిలో మొదటి మెట్టు, అందుకే దాని మీద ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ ఊళ్ళోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది.

ఇక నంద్యాల. పండక్కి తప్పకుండా వెళ్ళండి. వెళ్ళే ముందు రోజు "అక్కడ ఎలాగూ తినాలి" అని పస్తుండకండి, రైల్లో ఆకలితో కూర్చుని దిగితే మొదటి పూటే అదుపు తప్పుతుంది. అక్కడ కూడా ఎనిమిది, పదకొండు, ఒంటిగంటన్నర, ఐదు, ఎనిమిదిన్నర, ఇవి మారకూడదు. కంచంలో ఏముందన్నది అమ్మ ఇష్టం. ఆవిడకు ఒక్క మాట ముందే చెప్పండి: "అమ్మా, అన్నీ తింటాను, కానీ నువ్వు వడ్డించినప్పుడే, అందరితో కూర్చున్నప్పుడే తింటాను." ఎందుకని అడిగితే రాత్రుళ్ళ సంగతి చెప్పండి, లోపల దాచుకుంటే అక్కడా రాత్రి వంటింట్లో ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. సున్నుండలు మధ్యాహ్నం భోజనం అయ్యాక కంచంలో రెండు వేయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా నిండా కట్టిస్తారు కదా, దాన్ని మీ గదిలో పెట్టుకోకుండా, దిగిన రోజే ఫ్లాట్‌లో మిగతా ఇద్దరి ముందూ తెరిచి పెట్టండి.